పద్నాలుగో అక్షాంశం వెంబడి ఊళ్లు

హిందూపురంలో పదో తరగతి చదువుతున్న చిరంజీవి మేనకోడలికి ధర్మవరం నుండి మేనమామ ఆశీస్సులు.

మొన్నటి ఉత్తరంతో పాటు పంపిన పాత ప్రశ్నపత్రాల సాధనలో ఆంధ్రప్రదేశ్ పటంపై ధర్మవరానికి దక్షిణంగా పెనుకొండ ఉండవలసి ఉండగా ఉత్తరంగా చేరింది. పైగా ఊళ్ల పేర్లు ఎంత బట్టీ పట్టినా పటం ముందు కూర్చుంటే కలగాపులగమవుతున్నాయనీ, ఆ ప్రశ్న వదిలేయాలనుకుంటున్నాననీ చిరంజీవి వ్రాసింది. ఇంట్లో అందరూ మార్కుల గురించి బెంగపడుతుండగా, మేనమామ బెంగ మాత్రం పెనుకొండ గురించే. ఆ దారిన ఎన్నిసార్లు రైలెక్కిన పిల్ల ఆ పొరపాటు చేయడం ఆయనకు మింగుడుపడలేదు.

చిక్కంతా ఊళ్లను కట్టలుగా విడదీసే తీరులోనే ఉంది. జిల్లా కేంద్రాలు, చారిత్రక స్థలాలు, చేనేత ఊళ్లు అని జాతులవారీగా పట్టిక వేసుకుంటే ఆ ఊరు దేనికి పేరుపొందిందో గుర్తుంటుంది గాని, ఎక్కడుందో గుర్తుండదు. పటం అడిగేది రెండోదాన్నే. అందువల్ల పాత ప్రశ్నపత్రాలలో వచ్చిన ఊళ్లను ఒక్కొక్క చీటీపై వ్రాసి, వాటిని అక్షాంశాన్ని బట్టి, అంటే భూమధ్యరేఖ నుండి ఉత్తరంగా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాయో దాన్ని బట్టి, అడ్డ వరుసలుగా పేర్చాలి.

ముందుగా ఖాళీ పటంపై 14 డిగ్రీల అక్షాంశ రేఖను పెన్సిలుతో పలుచగా గీసుకోవాలి. హిందూపురం ఆ రేఖకు కాస్త దిగువన, సుమారు 13.8 డిగ్రీల వద్ద ఉంటుంది. పెనుకొండ రేఖకు అంటుకున్నట్టు కొద్దిగా ఎగువన, 14.1 వద్ద, ధర్మవరం 14.4 వద్ద. ఒక డిగ్రీ అక్షాంశానికి నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు గనుక, హిందూపురానికి ధర్మవరం నేరుగా ఉత్తరంగా 65 కిలోమీటర్లు, తూర్పుగా 25 కిలోమీటర్లు జరిగి ఉంటుంది. పెనుకొండ ఈ రెండింటి నడుమ, సగం కంటే కొంచెం హిందూపురం వైపు నిలుస్తుంది. ధర్మవరం దాటాక అనంతపురం మళ్లీ కొంచెం పడమరకు వంగుతుందన్నది చాలామంది మరచిపోయే సంగతి.

ఇప్పుడు ఒక్కొక్క ఊరి నుండి తూర్పుకు చూపు సాగించాలి. పెనుకొండ వరుసలో కదిరి, దాన్ని దాటి సముద్రానికి దగ్గరగా గూడూరు వస్తాయి. పడమరకు పోతే కర్ణాటకలోని పావగడ వస్తుంది. ధర్మవరం వరుసలో కడప, ఆపై నెల్లూరు. హిందూపురం వరుసకు శ్రీకాళహస్తి దాదాపు సరిపోతుంది. ఇలా మూడు వరుసలు కుదిరితే రాయలసీమ దక్షిణ భాగం, దాని ఎదుటి తీరం ఒకేసారి చేతికి వస్తాయి. నెల్లూరు ఎంత ఎత్తున పెట్టాలో తెలియనప్పుడు ధర్మవరమే చెబుతుంది.

మేనమామ చదువుకునే రోజుల్లో మీటరు గేజి బండి పెనుకొండలో ఆగినప్పుడల్లా కొండ మీది కోటను చూపించి, తళ్లికోట యుద్ధం జరిగిన 1565 తరువాత విజయనగర రాజధాని హంపి నుండి అక్కడికే మారిందని పెద్దలు చెప్పేవారు. అదే పెట్టెలో వేరుశనక్కాయలు అమ్మేవాడు కూడా ఆ కథ చెప్పేవాడు, బేరం కుదిరాక. హంపి, పెనుకొండ, చంద్రగిరి అన్న రాజధానుల వరుస ఆగ్నేయంగా దిగుతుందన్న ఒక్క సంగతి పెనుకొండను ఉత్తరానికి ఎక్కనివ్వదు.  

ఈ పద్ధతికి ఒక లోపముంది. వరుసగా నేర్చినవాళ్లు వరుసగానే చెబుతారు. ప్రశ్నపత్రం మాత్రం పెనుకొండ ఒక్కటే అడిగి, పక్కనే విశాఖపట్నం అడుగుతుంది. కాబట్టి వరుసలు కుదిరాక చీటీలన్నీ కలిపి, చేతికి వచ్చిన ఊరిని మిగతావాటి సాయం లేకుండా కొత్త ఖాళీ పటంపై చుక్కగా పెట్టి, ఆ పటాన్ని అదే కొలతలో ఉన్న పూర్తి పటంపై ఉంచి కిటికీ వెలుతురుకు పట్టి చూడాలి. చుక్క అన్నిసార్లూ ఒకే దిక్కుకు జరుగుతుంటే హద్దుగీతను తప్పుగా చదువుతున్నట్టు. ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోతుంటే ఊరు ఇంకా తెలియనట్టు. భారతదేశ పటం మీదనైతే, రెండు కోట్లలో ఒకటి కొలతకు హిందూపురం, ధర్మవరాల నడుమ మిగిలేది మూడు మిల్లీమీటర్ల పైచిలుకే. అక్కడ చుక్క సన్నగా పెట్టి, పేరును పక్కకు తీసి బాణం గీతతో కలపడమే దారి.

సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు చిరంజీవి ఆ చీటీల కట్టను, వేసిన పటాలనూ, తప్పులు చెరపకుండా వెంట తీసుకురావాలి.