ముందు ట్యాగ్‌లు, ఆఖరున డిలీట్

సమస్య: మేడం, మాది సారపాక. నాన్న పేపర్ మిల్లులో పనిచేస్తారు. మూడేళ్లు ప్రేమించిన అబ్బాయితో ఈ వేసవిలో విడిపోయాను. గొడవల్లేవు, అతను బెదిరించిందీ లేదు. కానీ ముక్కోటికి భద్రాచలంలో తెప్పోత్సవం చూడ్డానికి అందరం వెళ్లినప్పటివి, పాపికొండల లాంచీలో తీసుకున్న ఫొటోలు స్నేహితులు పెట్టి నన్ను ట్యాగ్ చేశారు. అవి ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అలాగే ఉన్నాయి. గూగుల్ ఫొటోస్‌లో మా ఇద్దరి పేరుతో అతను తెరిచిన ఆల్బం కూడా ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఒక రాత్రి కూర్చుని అన్నీ తీసేద్దామనుకున్నా, చెయ్యి ఆడలేదు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

సలహా: చెయ్యి ఆడకపోవడమే మంచిదైంది. మీరు ఒక్కటనుకుంటున్న పనిలో నిజానికి రెండున్నాయి. నలుగురి కంట పడకుండా చేసుకోవడం ఒకటి, మీ దగ్గరే లేకుండా చేసుకోవడం ఇంకొకటి. మొదటిది ఈ వారమే చేయండి. రెండోదానికి ఏ ముహూర్తమూ ముంచుకు రాలేదు. 2013లో కొరీనా శాస్, స్టీవ్ విట్టకర్ అనే ఇద్దరు పరిశోధకులు, ప్రేమ చెడిన 24 మంది యువతీయువకులను ఇదే విషయం అడిగారు. అన్నీ ఉంచుకున్నవాళ్లు వాటిని పదే పదే చూసుకుంటూ తేరుకోలేకపోయారు. ఆవేశంలో అన్నీ చెరిపేసినవాళ్లలో కొందరు తర్వాత బాధపడ్డారు. మన దేశంలో చేసిన అధ్యయనం కాదు, చిన్నది కూడా. అయినా ఉంచడం, చెరపడం మధ్య మూడో దారి ఒకటుందని అది చూపిస్తోంది: కంటికి దూరంగా పెట్టి, మనసు కుదుటపడ్డాక ఏరుకోవడం.

అందుకే ట్యాగ్‌లతో మొదలుపెట్టండి. ఫేస్‌బుక్‌లో Activity log తెరిస్తే మిమ్మల్ని ట్యాగ్ చేసిన ఫొటోలన్నీ ఒకేచోట కనబడతాయి, అక్కడే ట్యాగ్ తీసేయొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో మీద మీ పేరు నొక్కితే Remove me from post అని వస్తుంది. అయితే ట్యాగ్ తీస్తే మీ ప్రొఫైల్ నుంచి వెళ్లే దారి మూసుకుంటుందే తప్ప, ఫొటో పెట్టినవాళ్ల గోడ మీద అది అలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుంటారు. ఆ ఫొటో తీయగలిగింది పెట్టినవాళ్లే కాబట్టి, ఆ స్నేహితులకు విడివిడిగా ఫోన్ చేయండి. గ్రూపులో అడిగారో, మరిచిపోయినవాళ్లు కూడా వెళ్లి చూసొస్తారు. మీరు స్వయంగా పెట్టిన జంట ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్కైవ్ చేస్తే చాలు, మీకు తప్ప ఎవరికీ కనబడవు.

తర్వాత ఆల్బం. ఇక్కడ వరస తప్పితే నష్టం మీకే. ఆల్బం అతనిది కాబట్టి మీరు అందులోంచి బయటికొస్తే, మీరు చేర్చిన ఫొటోలు కూడా ఆల్బంలోంచి పోతాయి. మీకు కావలసిందదే. కానీ అతను, స్నేహితులు చేర్చినవి మీరు సేవ్ చేసుకోకపోతే ఇక మీకు కనబడవు. స్నేహితురాళ్లున్న తెప్పోత్సవం ఫొటోల్లాంటివి ముందు సేవ్ చేసుకుని, ఆపైన బయటికి రండి. మీరు చేర్చినవాటిని అతను అప్పటికే సేవ్ చేసుకుని ఉంటే అవి అతని దగ్గరే ఉంటాయి, దానికి బటన్ ఏదీ లేదు. ఆల్బం కన్నా ముఖ్యంగా చూడాల్సింది Partner sharing. ఎప్పుడో సరదాకి అది ఆన్ చేసి ఉంటే, ఇవాళ తీసిన ఫొటో కూడా తనంతట తానే అతనికి చేరుతూ ఉండొచ్చు. దాన్ని ఇప్పుడే ఆపేయండి.

‘నావి నేను చెరిపేస్తే ఇక కనబడవు కదా’ అనొచ్చు. 2019లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు విడిపోయినవాళ్లతో మాట్లాడితే తేలింది వేరు. అన్‌ఫ్రెండ్ చేసినా, బ్లాక్ చేసినా ‘ఈ రోజున’ అంటూ వచ్చే జ్ఞాపకాల్లోనో, ఉమ్మడి స్నేహితుల పోస్టుల్లోనో ఆ మనిషి మళ్లీ ఎదురవుతూనే ఉన్నాడు. అందుకే గూగుల్ ఫొటోస్, ఫేస్‌బుక్ రెండింటి మెమరీస్ సెట్టింగుల్లో అతన్ని దాచేయండి. ఒక్క ఫొటో చెరపకుండానే రోజూ గుచ్చుకునేది ఆగుతుంది.

‘ఉంచుకుంటే పెళ్లయ్యాక దొరికిపోనా’ అన్నది రెండో భయం. అది న్యాయమైనదే, కాబట్టి ఉంచడానికి గడువు పెట్టుకోండి: సంబంధం ఖాయమయ్యేలోపు ఏరివేత ముగించాలి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటో చెరిపాక 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. అంటే మనసు మారితే వెనక్కి తెచ్చుకునే వీలుంది, ఖాళీ చేయడం మరిస్తే వేరేవాళ్లు చూసే వీలూ ఉంది. మీ సొంత ఆల్బం ఏదైనా చెరిపితే అందులోని ఫొటోలు పోవు, లైబ్రరీలో మిగిలే ఉంటాయి. వాటిని విడిగా చెరపాలి.

ఇక అతని ఫోన్లో ఉన్నవి. తెప్పోత్సవంలో పక్కపక్కన నిలబడిన మామూలు ఫొటోలను తీసేయమని మర్యాదగా ఒక్కసారి అడగగలరు, అంతే. ఒకవేళ అతని దగ్గర శరీరంలోని రహస్య భాగాలు కనబడే ఏకాంత చిత్రాలు ఉంటే సంగతి వేరు. అలాంటి చిత్రాలు మీ అనుమతి లేకుండా బయటపెడితే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంటుంది. ఎప్పుడైనా బెదిరింపు వస్తే మాత్రం ఏదీ చెరపకండి. మెసేజ్‌లు తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి, బ్లాక్ చేయడం ఆ తర్వాతే.