జవాబు నేర్పని ప్రశ్న

ఒక ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు ఉదయం 8 గంటల నుంచి 6 గంటలకు మారిందనుకుందాం. రెండు నెలలు గడిచాక, కార్మికులు ఏమనుకుంటున్నారో సర్వే చేయమని హెచ్‌ఆర్ విభాగానికి చెప్పారు. ఫారంలో ప్రశ్న ఇలా తయారైంది:

“ఉద్యోగుల సౌకర్యం కోసం యాజమాన్యం ప్రవేశపెట్టిన కొత్త షిఫ్టు వేళలు మీకు ఎంతగా నచ్చాయి?”
చాలా బాగా నచ్చాయి / బాగా నచ్చాయి / నచ్చాయి / నచ్చలేదు

రాసినవారికి దురుద్దేశం ఉండాల్సిన పనిలేదు. సర్క్యులర్‌లోని మాటలే ఫారంలోకి వచ్చి చేరతాయి. కానీ ఈ ప్రశ్నకు వచ్చే శాతాలతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. నాలుగు జవాబుల్లో మూడు ‘నచ్చాయి’ అనేవే. అసలు చదవకుండా ఎవరికి తోచిన గడిలో వారు టిక్కు పెట్టినా, నూటికి 75 మందికి కొత్త వేళలు నచ్చినట్టు లెక్క తేలుతుంది.

ప్రశ్నలోని మాటలు కూడా అటువైపే నెడుతున్నాయి. ‘సౌకర్యం కోసం’ అన్నది ప్రశ్న కాదు, తీర్పు. మార్పు సౌకర్యంగా ఉందో లేదో కార్మికుడు చెప్పకముందే ఫారమే చెప్పేసింది. ‘యాజమాన్యం ప్రవేశపెట్టిన’ అనగానే విషయం షిఫ్టు మీంచి జీతమిచ్చేవారి మీదికి మళ్లుతుంది. ఇక కాదంటే వారిని కాదన్నట్టే. ‘ఎంతగా నచ్చాయి’ అనడంలో నచ్చడం ముందే ఖాయమైపోయింది, కొలత ఒక్కటే మిగిలింది.

కాబట్టి దిద్దుబాటు తీసివేతతో మొదలుపెట్టాలి. ఏ మాట కొట్టేసినా అడిగే విషయం మారదో, ఆ మాట కొట్టేయాలి. ఇక్కడ ‘సౌకర్యం కోసం’, ‘యాజమాన్యం ప్రవేశపెట్టిన’ రెండూ పోతాయి. ‘కొత్త’ అన్న మాట మీద కూడా నాకు అనుమానమే. చాలామందికి కొత్తదంటే మెరుగైనదన్న ధ్వని వస్తుంది. దాని బదులు గంట పేరు చెబితే చాలు. అప్పుడు “ఉదయం 6 గంటల షిఫ్టు మీకు నచ్చిందా?” అన్నది మిగులుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంకా ఒక మెట్టు ఉంది. ఎందుకో బ్రిటన్‌లో జరిగిన రెండు దిద్దుబాట్లు చూస్తే తెలుస్తుంది.

స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై 2014లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అక్కడి ప్రభుత్వం మొదట ప్రతిపాదించిన ప్రశ్న “స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలన్న మాటను మీరు అంగీకరిస్తారా?” అనే అర్థంలో ఉంది. ఎన్నికల కమిషన్ దాన్ని మామూలు ఓటర్లకు చూపించి పరీక్షించింది. ‘అంగీకరిస్తారా’ అని అడగడమే ‘అవును’ వైపు మొగ్గుగా ఉందని తేల్చింది. ఆ మాట తీసేసి, “స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?” అని నేరుగా అడగమని 2013లో సూచించింది. ప్రభుత్వం ఒప్పుకుంది, ఆ ప్రశ్నే బ్యాలెట్ మీదికి వచ్చింది.

యూరోపియన్ యూనియన్ విషయంలో కమిషన్ మరో అడుగు ముందుకేసింది. 2015లో బ్రిటన్ ప్రభుత్వం పెట్టిన ప్రశ్న “బ్రిటన్ యూనియన్‌లో సభ్యదేశంగా కొనసాగాలా?” జవాబు అవును లేదా కాదు. ఇందులో పొగడ్త లేదు, అంగీకారం ఊసు లేదు. అయినా ఒక పక్షం పేరే వినిపిస్తోంది, రెండోది ‘కాదు’ వెనక దాక్కుంది. కమిషన్ సూచన మీద ‘కొనసాగాలా, లేక బయటికి రావాలా’ అని మార్చారు. అవును, కాదు తీసేసి ఆ రెండు మార్గాలనే జవాబులుగా ముద్రించారు. 2016లో ఓటు పడింది ఈ ప్రశ్నకే.

మన షిఫ్టు ప్రశ్నకు కావాల్సింది ఇదే. ‘అవును’ అనడం మర్యాద, ‘కాదు’ అనడం ఎదురు చెప్పడం. ముఖ్యంగా ఫారం పై అధికారి చేతిలోంచి వచ్చినప్పుడు. రెండు మార్గాలూ పేరుపెట్టి పక్కపక్కన నిలబెడితే, దేన్ని ఎంచుకున్నా ఎవరినీ కాదన్నట్టు ఉండదు. పైగా 6 గంటల షిఫ్టులో అడుగు పెట్టనివారు కూడా దాని గురించి జవాబిస్తే లెక్క కలగాపులగమవుతుంది. అందుకని ఒక ప్రశ్న మూడుగా విడిపోతుంది:

“గత నెలలో మీరు ఉదయం 6 గంటల షిఫ్టులో పనిచేశారా?”
చేశాను / చేయలేదు

“మొదటి షిఫ్టు ఉదయం 6 గంటలకు మొదలవడం, 8 గంటలకు మొదలవడం: ఈ రెండింటిలో మీకు ఏది అనుకూలం?”
6 గంటలకు / 8 గంటలకు / రెండూ ఒకటే / చెప్పలేను

“ఎందుకని?” (రెండు గీతల ఖాళీ)

సగం ఫారాల్లో 6 ముందు, సగం ఫారాల్లో 8 ముందు ఉండేలా ముద్రించాలి, ప్రశ్నలోనూ జవాబుల్లోనూ. కాగితం మీద చదివేవారిలో కొందరు మొదటి గడి దగ్గరే ఆగిపోతారు. వరుస మార్చితే ఆ మొగ్గు రెండు వైపులా సమానంగా పడుతుంది. ‘ఎందుకని’ మాత్రం వదలొద్దు. బస్సు దొరకడం లేదనో, పిల్లల్ని బడికి పంపడం కుదరడం లేదనో, మధ్యాహ్నం తొందరగా ఇల్లు చేరుతున్నామనో తెలిసేది అక్కడే.

దిద్దేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. మొగ్గు తీయబోయి ఎదురు మొగ్గు పెట్టడం ఒకటి: “6 గంటల షిఫ్టు వల్ల మీకు ఎదురవుతున్న ఇబ్బందులేమిటి?” ఇబ్బంది లేనివారు కూడా ఏదో ఒకటి వెతికి రాస్తారు. మొగ్గు భయంతో ప్రశ్ననే పలచన చేయడం రెండోది: “షిఫ్టుల గురించి మీ అభిప్రాయం?” ఒకరు క్యాంటీన్ గురించి రాస్తారు, ఒకరు ఓవర్‌టైమ్ గురించి రాస్తారు. లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.

ఫారం అందరికీ పంచకముందు, సర్వేతో సంబంధం లేని ఐదారుగురు కార్మికులకు చూపించండి. జవాబు అడగొద్దు. “ఈ ప్రశ్న ఏం అడుగుతోందో మీ మాటల్లో చెప్పండి” అని అడిగి, ఆ తర్వాత “ఇది రాసినవారికి ఏ జవాబు కావాలనిపిస్తోంది?” అని అడగండి. ఎక్కువమంది ఒకే జవాబు చూపిస్తే మొగ్గు ఇంకా ఉన్నట్టే. తలో రకంగా చెప్పినా, తెలియడం లేదన్నా ఆ ప్రశ్న పంపొచ్చు.

కాగితం మీద తటస్థంగా ఉన్న ప్రశ్న నోటి దగ్గర చెడిపోవడం కూడా ఉంది. ఫారం చదివి వినిపించేవారు చనువుకొద్దీ, “6 గంటలదే బాగుంది కదన్నా?” అని ముగిస్తే ఇంత శ్రమా వృథా. ఉన్నది ఉన్నట్టు చదవాలని, అర్థం కాకపోతే మళ్లీ అదే చదవాలని, సొంతంగా వివరించకూడదని ముందే చెప్పాలి. ఫారం మీద పేరు, ఉద్యోగి నంబరు అడిగినా, సూపర్‌వైజర్ పక్కన నిలబడ్డా ప్రశ్న ఎంత బాగున్నా ఉపయోగం లేదు. భయాన్ని మాటల మార్పు తీర్చలేదు.

పాత ప్రశ్నతో ఇదివరకు సర్వే చేసి ఉంటే మరో చిక్కు వస్తుంది. ఈసారి శాతం తగ్గితే, మనుషుల మనసు మారినందుకా, ప్రశ్న మారినందుకా అన్నది తేలదు. ఒక్క విడతకు సగం మందికి పాతది, సగం మందికి కొత్తది ఇవ్వండి. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా జరగాలి, విభాగాల వారీగా కాదు. రెండు గుంపుల జవాబుల మధ్య కనిపించే పెద్ద తేడా పాత మాటలు చేసిన పనే. వందలోపు మందితో చేస్తే మాత్రం చిన్న తేడాలను పట్టించుకోకండి, అవి ఊరికే వచ్చినవి కావచ్చు.

నివేదిక పైకి పంపేటప్పుడు శాతం పక్కనే, అడిగిన ప్రశ్ననూ ఇచ్చిన జవాబులనూ అక్షరం మార్చకుండా పూర్తిగా అచ్చు వేయండి. చదివేవారికి ఆ అంకెను ఎంత నమ్మాలో తేల్చుకునే హక్కు ఉంది.