ప్రాస్పెక్టస్‌లో ఫీజు పేజీ చదవడం ఎలా?



ఇంటర్ పరీక్షలు ముగిసిన వెంటనే చాలామంది ఏదో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ముందుగా సీటు ఖాయం చేసుకుంటారు. తర్వాత కౌన్సెలింగ్‌లో ఇంతకన్నా మంచి సీటు వస్తే పాతదాన్ని వదులుకుంటారు. అప్పుడు కట్టిన డబ్బులో ఎంత తిరిగి వస్తుందనేది, మీరు కట్టేముందు చదివిన రెండు పేజీల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి ఫీజుల పట్టిక, రెండోది రీఫండ్ నిబంధనలు.

మొదట ఫీజును మూడు భాగాలు చేయండి

మొత్తం అంకెను ఒకేసారి చూడకండి. ట్యూషన్, ల్యాబ్, పరీక్ష వంటివి కోర్సు ఫీజు. గది అద్దె, మెస్ కలిపి హాస్టల్ ఫీజు. మూడోది కాషన్ డిపాజిట్. చదువు మానేసినా, పూర్తిచేసినా ఈ డిపాజిట్ మీకు తిరిగి రావలసిన సొమ్ము. ఈ మూడింటికీ రీఫండ్ లెక్క వేర్వేరుగా ఉంటుంది.

కోర్సు ఫీజుకు తేదీయే కీలకం

యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, యూనివర్సిటీ ప్రకటించిన 'అడ్మిషన్ల చివరి తేదీ' నుంచి లెక్క మొదలవుతుంది. క్లాసులు మొదలైన రోజు నుంచి కాదు.

- ఆ తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే మానుకుంటే 100 శాతం ఇస్తారు. ప్రాసెసింగ్ చార్జీ కింద 5 శాతం మించకుండా, గరిష్ఠంగా 5,000 రూపాయలు కోయవచ్చు.
- 15 రోజులకన్నా తక్కువ వ్యవధి ఉండగా మానుకుంటే 90 శాతం.
- చివరి తేదీ దాటిన 15 రోజుల లోపు 80 శాతం.
- 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం.
- 30 రోజులు దాటితే ఏమీ రాదు.

కొన్ని విద్యా సంవత్సరాలకు యూజీసీ ఇంతకన్నా అనుకూలమైన తేదీలు ప్రకటించింది. అందుకే మీ ఏడాదికి వచ్చిన సర్క్యులర్‌ను కూడా చూడండి. కన్వీనర్ కోటా సీట్లకు కౌన్సెలింగ్ నిబంధనలు, విదేశీ యూనివర్సిటీలకు వాటి సొంత నిబంధనలు ఉంటాయి.

హాస్టల్ నిబంధన వేరే పేజీలో ఉంటుంది

చాలా ప్రాస్పెక్టస్‌లలో హాస్టల్ రీఫండ్‌ను విడిగా రాస్తారు. అక్కడ వెతకవలసిన మాట 'గది కేటాయింపు తర్వాత' లేదా 'గదిలో చేరిన తర్వాత'. ఆ రెండింటిలో ఏది రాశారన్నదే అసలు సంగతి. మొదటిది రాసి ఉంటే, పిల్లలు ఇంకా అడుగుపెట్టకపోయినా అద్దె పోవచ్చు.

ఒక లెక్క చేసి చూద్దాం

ఇది ఊహించిన ఉదాహరణ. కోర్సు ఫీజు 1,50,000, కాలేజీ డిపాజిట్ 10,000, హాస్టల్ అద్దె 55,000, అయిదు నెలల మెస్ 40,000, హాస్టల్ డిపాజిట్ 5,000. మొత్తం 2,60,000 రూపాయలు. అడ్మిషన్ల చివరి తేదీ జూలై 31. గదిలో చేరకముందు మానుకుంటే అద్దె, మెస్‌లలో 10 శాతం కోత. చేరాక అద్దె తిరిగి రాదు, వాడని నెలల మెస్ మాత్రం ఇస్తామని ప్రాస్పెక్టస్‌లో ఉంది.

జూలై 14న మానుకుంటే చివరి తేదీకి ఇంకా 17 రోజులుంది. కోర్సు ఫీజులో 5,000, హాస్టల్‌లో 9,500 పోతాయి. మొత్తం నష్టం 14,500.

ఆగస్టు 1న గదిలో చేరి 8న మానుకున్నారనుకోండి. కోర్సు ఫీజులో 20 శాతం, అంటే 30,000 పోతుంది. అద్దె 55,000, ఒక నెల మెస్ 8,000 కూడా పోతాయి. మొత్తం నష్టం 93,000. అందులో 63,000 హాస్టల్‌దే. వారం రోజులు ఉన్న గదికి, కోర్సు కన్నా రెట్టింపు పైగా నష్టపోయారన్నమాట. కౌన్సెలింగ్ ఫలితం ఇంకా రావలసి ఉంటే, గదిలో చేరే తేదీని వీలైనంత వెనక్కి జరపమని అడగడం ఇందుకే.

ఫోన్‌లో చెబితే చాలదు

మీ లేఖ యూనివర్సిటీకి అందిన రోజునే మానుకున్న తేదీగా లెక్కిస్తారు. కాబట్టి ఈమెయిల్ పంపండి, కాగితం ఇస్తే తేదీ వేసిన రసీదు తీసుకోండి. హాస్టల్ వార్డెన్‌కు విడిగా రాసి, గది ఖాళీ చేసినట్టు సంతకం పొందండి. లేఖ అందిన 15 రోజుల్లో రీఫండ్ ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోకూడదు. అలా జరిగితే ముందు యూనివర్సిటీ ఫిర్యాదుల విభాగానికి, తర్వాత యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

డబ్బు కట్టేముందు ఈ మూడు ప్రశ్నలకు ఈమెయిల్‌లో జవాబు అడిగి తీసుకోండి: అడ్మిషన్ల చివరి తేదీ ఏది? హాస్టల్ అద్దె ఏ రోజు నుంచి తిరిగి రాదు? డిపాజిట్లు ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఆ జవాబును ఫీజు రసీదుతో పాటు ఒకే ఫైల్లో దాచుకోండి.