లోనుతోపాటు అంటగట్టిన బీమా వద్దనుకుంటే?

ప్రశ్న: మాది వీరపునాయునిపల్లె. చీనీ తోటకు డ్రిప్పు వేయిద్దామని ప్రొద్దుటూరులోని ఒక ఫైనాన్స్ కంపెనీలో పోయిన వారమే 3 లక్షల పర్సనల్ లోను తీసుకున్నాను. మూడేండ్ల గడువు, 16 శాతం వడ్డీ. ఖాతాలో పడింది మాత్రం 2,83,480 రూపాయలే. అడిగితే ఇన్సూరెన్స్ లేనిదే లోను పాస్ కాదంటున్నారు. నేను బీమా అడగనే లేదు. ఆ డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: మీరు పంపిన కాగితాల ప్రకారం ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 7,080 రూపాయలు. మిగతా 9,440 బీమాకు పోయింది. అది మీ జేబులోంచి కాదు, లోనులోంచే కట్టారు కనుక దానికీ వడ్డీ పడుతుంది. నెలనెలా మీ ఈఎంఐలో దాదాపు 332 రూపాయలు దానివే. మూడేండ్లకు ఆ బీమా ఖర్చు 11,950 రూపాయల దాకా అవుతుంది.

బీమా తీసుకుంటేనే లోను అనడం సరికాదు. ఒప్పందానికి ముందే మీకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని, అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలని, 2024 అక్టోబరు నుంచి కొత్త లోన్లకు రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. అందులో బీమా ఖర్చుకు విడిగా ఒక వరుస ఉంటుంది. అందులో లేని ఏ ఖర్చునూ మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. మీ కాగితంలో ఆ వరుసలో 9,440 రాసే ఉంది, కింద మీ సంతకమూ ఉంది. కాబట్టి 'నాకు తెలియదు' అనే వాదనకన్నా రద్దు చేసుకునే హక్కే మీకు గట్టి ఆధారం.

ఆ హక్కు పేరు ఫ్రీ లుక్. జీవిత బీమా పత్రం మీ చేతికి అందినప్పటి నుంచి 30 రోజుల్లోపు వద్దని రాసివ్వవచ్చు. పత్రం ఇంటికి రాకుంటే, ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో వచ్చి ఉండవచ్చు, ఈ రోజే వెదకండి. అందులోని సర్టిఫికెట్ నంబరు, లోను నంబరు రాసి, 'ఫ్రీ లుక్ కింద రద్దు చేయండి' అని బీమా కంపెనీకీ, లోనిచ్చిన కంపెనీకీ ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్తే రుజువు ఉండదు. కవరేజీ ఉన్న రోజుల ప్రీమియం, స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష చేయించి ఉంటే దాని ఖర్చు మినహాయించి తక్కినది ఇస్తారు. దాన్ని అసలులో జమ చేసి కొత్త ఈఎంఐ పట్టిక ఇమ్మని కూడా అదే లేఖలో అడగండి. లేకుంటే డబ్బు లోను ఖాతాలో పడ్డా ఈఎంఐ పాతదే నడుస్తుంది.

లోనిచ్చిన కంపెనీ 30 రోజుల్లో బదులివ్వకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. బీమా కంపెనీ మీద అయితే 155255కు ఫోన్ చేయవచ్చు.

ఒక్క మాట. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే, వేరే జీవిత బీమా లేదంటే, రద్దు చేసేముందు విడిగా ఒక టర్మ్ పాలసీ ధర కనుక్కోండి. లోను బీమా సొమ్ములో ముందు బాకీ తీరుతుంది, మిగిలితేనే ఇంటివాళ్లకు.

ప్రశ్న: క్రెడిట్ కార్డు బిల్లులో నెలనెలా ఏదో 'ప్రొటెక్షన్ ప్లాన్' అని పడుతోంది. ఎలా ఆపాలి? (పులివెందుల)

జవాబు: ప్లాన్ ఆపమనీ, మీ అంగీకారానికి రుజువు చూపమనీ కార్డు బ్యాంకుకు రాతపూర్వకంగా అడగండి. బిల్లుపై అభ్యంతరం చెప్తే 30 రోజుల్లోపు ఆధారాలతో వివరణ ఇవ్వాల్సింది వాళ్లే. రుజువు చూపలేకపోతే ఇప్పటిదాకా పట్టుకున్నదంతా వెనక్కి వేయమని పట్టుబట్టండి.