‘ఆర్డర్ క్యాన్సిల్’ అని మెసేజ్ పెట్టే ముందు

ఈ వేసవిలో ఇలాంటి కేసు నా టేబుల్ మీదకి రావడం ఇది నాలుగోసారి. విజయవాడ దగ్గర పచ్చళ్లు చేసి అమ్మే ఒకావిడ పదివేల గాజు సీసాలకు ఆర్డరిచ్చారు. నాలుగు లాట్లుగా రావాలి. అడ్వాన్సు 80 వేలు కట్టారు. మొదటి లాట్ 18 రోజులు ఆలస్యంగా వచ్చింది. మారుమాట లేకుండా దించుకుని చలాను మీద సంతకం పెట్టారు. రెండో లాట్ మూతల్లోంచి నూనె కారింది. ఫోన్ చేస్తే సప్లయర్ ‘చూద్దాం మేడం’ అన్నాడు. ఆ రాత్రే ఆవిడ వాట్సాప్‌లో ‘ఆర్డర్ క్యాన్సిల్, డబ్బు పంపండి’ అని పెట్టేశారు.

వారం తిరక్కుండా అతని వకీలు నోటీసు వచ్చింది. ఒప్పందం నాలుగో పేజీలో ఉంది: లోపం ఉంటే 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసివ్వాలి, ఆ లోపు సరిచేయకపోతేనే రద్దు. ఆవిడ అది చదవనేలేదు. చదవని కాగితం మీద సంతకం పెట్టడం ఎప్పుడు మానతారో! ఇప్పుడు సప్లయర్ వాదన ఏమిటంటే, ఒప్పందం ఉల్లంఘించింది ఆవిడేనట.

మొదటి లాట్ సంగతి ఇంకా కష్టం. గడువే ముఖ్యమైన ఒప్పందంలో, గడువు దాటాక వచ్చిన సరుకు తీసుకుంటే, ఆలస్యానికి పరిహారం అడుగుతానని తీసుకునేటప్పుడే చెప్పి ఉండాలి. కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 55 అదే అంటుంది. చలాను మీదే ‘ఆలస్యంగా అందింది, పరిహారం కోరే హక్కు వదులుకోలేదు’ అని రాసి, ఫొటో తీసి అతనికి పంపితే సరిపోయేది. ఫోన్లో తిట్టినంత మాత్రాన రుజువు మిగలదు.

రెండో లాట్‌కి నేను రాయించింది ఇది: ఆర్డరు తేదీ, ఏ లాట్, కారిన సీసాలెన్ని, ఫొటోలు. ‘15 రోజుల్లో మూతలు మార్చండి లేదా వేరే సరుకివ్వండి. అది జరగకపోతే ఒప్పందం రద్దు చేస్తాం. ఇప్పటిదాకా తీసుకున్నదాన్నిబట్టి మా హక్కులేవీ వదులుకున్నట్టు కాదు.’ స్పీడ్‌పోస్టులో, ఈమెయిల్లో రెండింటా పంపించాం. పాత మెసేజ్ తొందరలో పెట్టిందనీ, ఈ నోటీసే లెక్కనీ అందులోనే చెప్పాం. సప్లయర్ దాన్ని ఒప్పుకోకపోవచ్చు. అయినా చెప్పి తీరాలి.

గడువు నడుస్తున్నన్నాళ్లూ కారే సీసాలు వాడొద్దన్నాను. లోపమున్న సరుకును తిప్పికొడుతున్నట్టు చెప్పకుండా సమంజసమైన సమయం దాటాక కూడా అట్టే పెట్టుకుంటే, సరుకుల విక్రయ చట్టం, 1930, సెక్షన్ 42 ప్రకారం అంగీకరించినట్టే. గడువు లోపల కొత్త ఆర్డరు కూడా ఇవ్వొద్దు. గడువు దాటిన రోజు రెండో ఉత్తరం వెళ్లాలి, రద్దు దానితోనే. ఆ తర్వాత బయట సరసమైన ధరకు సీసాలు కొని బిల్లులు దాచుకోవాలి. తేడా అడగడానికి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద అవే ఆధారం.

ఒప్పందంలో గడువు షరతే లేకపోతే, లోపం మొత్తం పనినే చెడగొట్టేదైతే, వెంటనే రద్దు చేసే వీలుంటుంది. అప్పుడైనా ముందు నోటీసివ్వమనే నా సలహా. ఆ కారే సీసాలు ఇంకా ఆవిడ గోడౌన్లోనే, లేబుల్ వేసి, ఓ మూలన ఉన్నాయి. గడువుకి ఇంకా తొమ్మిది రోజులుంది.