ఆ ఆరంకెలు ఓటీపీ లాంటివేనా? బ్లూటూత్ జతపరచడం వెనుక కథ

మొన్నామధ్య ఇంట్లో నా ఫోన్‌ను లాప్‌టాప్‌కు బ్లూటూత్ ద్వారా కలుపుతున్నాను. రెండు తెరల మీదా ఒకే ఆరంకెల సంఖ్య కనిపించింది. పక్కనే ఉన్న మా అమ్మాయి వెంటనే చేయి అడ్డుపెట్టి, “నాన్నా, ఓటీపీ కదా, ఎవరికీ చూపించకూడదు!” అంది. బ్యాంకు ఉద్యోగి ఇంట్లో పెరిగిన పిల్ల కదా! కానీ ఇక్కడ ఆ జాగ్రత్త అవసరం లేదు. ఆ సంఖ్యను బిగ్గరగా చదివినా నష్టం లేదు. అయితే పాత పద్ధతిలో అలాంటి ఆరంకెలే రహస్యంగా ఉండాలి, పైగా వాటిని దాచినా ప్రయోజనం లేదు. ఈ తేడా తెలిస్తే బ్లూటూత్ భద్రత చాలావరకు తెలిసినట్లే.

బ్లూటూత్ మాటలు రేడియో తరంగాలుగా గాలిలో వెళ్తాయి, దగ్గరలో ఉన్న ఎవరైనా వాటిని పట్టుకోవచ్చు. అందుకే రెండు పరికరాలూ తొలి పరిచయంలోనే ఒక ఉమ్మడి రహస్య కీని తయారుచేసుకుని, ఆ తర్వాతి సంభాషణను దానితో గుప్తపరుస్తాయి. జతపరచడం అంటే ఇదే. అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది. అందరూ వింటున్న చోట ఇద్దరికే తెలిసిన రహస్యాన్ని పుట్టించడం ఎలా?

2010లో వచ్చిన బ్లూటూత్ 4.0లో, తక్కువ విద్యుత్తుతో నడిచే చిన్న పరికరాల కోసం ఒక పద్ధతి పెట్టారు. ఉదాహరణకు చేతి పట్టీ తన తెరపై ఆరంకెలు చూపిస్తుంది, మనం వాటిని ఫోన్‌లో కొడతాం. ఆ అంకెలతోనూ, తాము ఎంచుకున్న ఒక యాదృచ్ఛిక సంఖ్యతోనూ రెండు పరికరాలు చెరొక సరిచూపు విలువను లెక్కించి పంపుకుంటాయి. తర్వాత ఆ యాదృచ్ఛిక సంఖ్యలను కూడా బయటపెట్టి, లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటాయి.

చాటుగా వింటున్నవాడికి సరిచూపు విలువలూ అందాయి, యాదృచ్ఛిక సంఖ్యలూ అందాయి. తెలియనివి ఆ ఆరంకెలు మాత్రమే. 000000 నుంచి 999999 వరకు ఉన్నవి పది లక్షల అవకాశాలే. ఒక్కొక్కటీ వేసి చూస్తే ఏదో ఒకచోట లెక్క సరిపోతుంది. 2013లో మైక్ ర్యాన్ అనే పరిశోధకుడు ఈ పని మామూలు కంప్యూటర్‌పై ఒక సెకనులోపే అవుతుందని చూపించాడు. ఓటీపీని మూడుసార్లు తప్పుగా కొడితే సర్వర్ ఆపేస్తుంది. ఇక్కడ ఆపేవారే లేరు, ఎందుకంటే అతను తన దగ్గరే కూర్చుని లెక్క వేసుకుంటున్నాడు. తెర లేని పరికరాల్లో పరిస్థితి ఇంకా హీనం: ఆరంకెల బదులు సున్నాయే వాడతారు, కనుక ఊహించనక్కరే లేదు. ఆ తర్వాత వచ్చే శాశ్వత కీ కూడా ఇదే రక్షణ కింద చేతులు మారుతుంది కాబట్టి, జతపరిచే క్షణాన విన్నవాడు ఆ తర్వాతి రోజుల సంభాషణలనూ వినగలడు. ఆ క్షణాన వినలేకపోతే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

2007లో బ్లూటూత్ 2.1తో సాధారణ బ్లూటూత్‌కూ, 2014 చివర్లో 4.2తో చిన్న పరికరాలకూ కొత్త దారి వచ్చింది. ఇందులో ప్రతి పరికరానికీ ఒక రహస్య సంఖ్య, దాని నుంచి లెక్కించిన ఒక బహిరంగ సంఖ్య ఉంటాయి. బహిరంగ సంఖ్యలను ఇచ్చిపుచ్చుకుని, ఎదుటివారి దానితో తన రహస్యాన్ని కలిపితే ఇద్దరికీ ఒకే ఫలితం వస్తుంది. బహిరంగ సంఖ్యల నుంచి వెనక్కి వెళ్లి రహస్యాన్ని కనుక్కోవడం నేటి కంప్యూటర్లకు ఆచరణలో అసాధ్యం. కాబట్టి ఊరికే వినేవాడికి ఏమీ దక్కదు.

కానీ వాడు వినడంతో ఆగకుండా మధ్యలో నిలబడితే? నా ఫోన్‌కు తానే లాప్‌టాప్‌నని చెప్పి, లాప్‌టాప్‌కు తానే ఫోన్‌నని చెప్పి, ఇద్దరికీ తన బహిరంగ సంఖ్యనే ఇస్తాడు. అది పట్టుకోవడానికే ఆ ఆరంకెలు. బహిరంగ సంఖ్యలు రెండింటినీ, అప్పటికప్పుడు పుట్టిన యాదృచ్ఛిక సంఖ్యలనూ కలిపి వాటిని లెక్కిస్తారు. మధ్యలో ఎవరూ లేకపోతే రెండు తెరలపైనా 482915 వస్తుంది. ఎవరైనా ఉంటే ఒకదానిపై 482915, మరోదానిపై 307664 అన్నట్లు తేడా వస్తుంది. అనుకోకుండా రెండూ కలిసే అవకాశం పది లక్షల్లో ఒకటి. ఇది తాళంచెవి కాదు, చెక్కుపై సంతకాన్ని నమూనా సంతకంతో పోల్చి చూడటం లాంటిది. పోల్చకుండా ‘అవును’ నొక్కితే ఆ రక్షణ పోయినట్లే.

ఇయర్‌ఫోన్లకు తెర లేదు కనుక అవి అంకెలు చూపకుండానే జతకడతాయి. కొత్త పద్ధతిలోనైనా అప్పుడు వినేవాడిని ఆపగలం గానీ, మధ్యలో నిలబడినవాడిని కనిపెట్టలేం. అందుకే అలాంటివాటిని బస్టాండులోనో రైల్లోనో కాక ఇంట్లోనే జతపరచడం మేలు. ఎప్పుడో కలిసిన పరికరం కారణం లేకుండా మళ్లీ జతపరచమంటే జనం మధ్య ఒప్పుకోవద్దు. ఎవరైనా కావాలనే మళ్లీ ఆ తొలి క్షణాన్ని రప్పిస్తుండవచ్చు.

మా అమ్మాయి ఇప్పుడు చేయి అడ్డుపెట్టడం లేదు. ఒక తెరపై అంకెలు తను చదువుతుంది, రెండో తెరపై నేను సరిచూస్తాను.