బిల్లు మార్చిలో, డబ్బు మే నెలలో: పన్ను ఎప్పుడు?

కామర్స్ చదివే మా అందరికీ మొదట్లో తికమక పెట్టిన పాఠం ఇది. డబ్బు చేతికి రాకముందే దానిపై పన్ను ఎలా పడుతుంది? ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేశాకే మాకు అర్థమైంది. అదే మీకూ చెబుతాము.

ఒక దర్జీ ఒక హాస్టల్‌కు యూనిఫాంలు కుట్టి 2024 మార్చి 10న అప్పజెప్పి, రూ.90,000 బిల్లు ఇచ్చాడనుకుందాం. గుడ్డ రూ.50,000కు అరువు తెచ్చాడు. అదంతా ఈ పనికే అయిపోయింది. కూలి రూ.15,000 మార్చిలోనే చెల్లించాడు. బిల్లు డబ్బు మే నెలలో వచ్చింది. గుడ్డ బాకీ జూన్‌లో తీర్చాడు. ఆర్థిక సంవత్సరం మాత్రం మార్చి 31తో ముగిసింది.

నగదు పద్ధతిలో డబ్బు వచ్చినప్పుడే ఆదాయం, ఇచ్చినప్పుడే ఖర్చు. కాబట్టి 2023-24లో కూలి రూ.15,000 నష్టంగా కనిపిస్తుంది. 2024-25లో 90,000 నుండి 50,000 తీసివేస్తే రూ.40,000 లాభం.

అక్రూవల్ పద్ధతిలో, అంటే మర్కంటైల్ పద్ధతిలో, డబ్బు అడిగే హక్కు వచ్చిన రోజే ఆదాయం. చెల్లించవలసిన బాధ్యత ఏర్పడిన రోజే ఖర్చు. అందువల్ల మొత్తం లెక్క 2023-24లోనే తేలుతుంది: 90,000 – 50,000 – 15,000 = రూ.25,000 లాభం. దర్జీ చేతికి పైసా రాకున్నా ఆ ఏటి ఆదాయంలో ఇది చేరుతుంది.

రెండేళ్ళూ కలిపి చూడండి. నగదు పద్ధతిలోనూ 40,000 – 15,000 = 25,000 మాత్రమే. లాభం మారలేదు, పన్ను లెక్కలోకి వచ్చే సంవత్సరం మారింది.

అయితే ఆదాయాన్ని నగదు పద్ధతిలో, ఖర్చును అక్రూవల్‌లో రాస్తే? 2023-24లో రూ.65,000 నష్టం చూపవచ్చు! ఈ కలగాపులగం కుదరదు. వ్యాపార ఆదాయానికి రెండింటిలో ఒకటే ఎంచుకుని, ఏటా అదే పాటించాలని 1961 ఆదాయపు పన్ను చట్టం 145వ సెక్షన్ చెప్పింది. కంపెనీలకైతే ఆ ఎంపిక కూడా లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం అవి అక్రూవల్ పద్ధతిలోనే పుస్తకాలు రాయాలి.

అక్రూవల్‌లో ఆదాయంగా చూపిన బిల్లు ఎప్పటికీ వసూలు కాకపోతే? దానిని రాని బాకీగా పుస్తకాల్లో కొట్టివేసిన సంవత్సరంలో ఆదాయం నుండి తగ్గించుకోవచ్చు. నగదు పద్ధతిలో ఆ బాధ లేదు. రాని డబ్బు అసలు ఆదాయంలో చేరనే లేదు కదా!

జీతానికి మాత్రం ఈ ఎంపిక వర్తించదు. రావలసిన రోజు, చేతికి వచ్చిన రోజు – ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పుడే అది ఆదాయం.

ఇక మీకొక ప్రశ్న. దర్జీకి ఆ బిల్లులో రూ.10,000 ఫిబ్రవరిలోనే అడ్వాన్సుగా ఇచ్చి ఉంటే, ఏ పద్ధతిలో లెక్క మారుతుంది? (జవాబు: నగదు పద్ధతిలోనే. ఆ 10,000 ముందు ఏడాదిలో, మిగతా 80,000 తర్వాతి ఏడాదిలో చేరుతాయి.)